ఏ నిర్ణయం యంత్రానిది, ఏ సంతకం మనిషిది?

(సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ ఉదయం కార్యదర్శిగారు తమ నివేదికలో ఒక మాట చెప్పారు. సంఘానికి వచ్చే ఫిర్యాదుల్లో "ఎందుకు ఆగిందండీ" అని అడిగితే "సిస్టమ్‌లో అలా చూపిస్తోంది" అనే జవాబుతో తిరిగి వచ్చినవే ఎక్కువట. నాకిచ్చిన అంశం సరిగ్గా ఆ జవాబు గురించే. ఏయే నిర్ణయాలు కంప్యూటరు తనంతట తాను తీసుకోవచ్చు, ఏయే నిర్ణయాల కింద మనిషి సంతకం పడి తీరాలి, ఆ గీత ఎక్కడ గీయాలి అన్నది విషయం. ఇంగ్లీషు చదువుల్లో దీన్ని "హ్యూమన్ ఇన్ ద లూప్" అంటున్నారు. నిర్ణయం నడిచే దారిలో ఒకచోట మనిషిని నిలబెట్టడం అని దాని అర్థం.

పేరు కొత్తదే గాని పద్ధతి మనకు కొత్తది కాదు. బ్యాంకులో చేసినవారికి క్లర్కు రాసిన వోచరును ఆఫీసరు పాస్ చేస్తేనే డబ్బు కౌంటరు దాటేదని తెలుసు. ఖజానాలో చేసినవారికి అకౌంటెంటు పరిశీలించిన బిల్లు మీద సబ్ ట్రెజరీ ఆఫీసరు సంతకం పడితేనే అది చెల్లేదని తెలుసు. రాసేవారు ఒకరు, సరిచూసేవారు మరొకరు. అయితే అప్పుడు రాసినవారూ మనిషే, చూసినవారూ మనిషే. ఇప్పుడు రాసేది యంత్రం. అది రోజుకు నలభై వోచర్లు కాదు, గంటకు నలభై వేలు రాస్తుంది. అన్నింటినీ మనిషి చూడలేడు. కాబట్టి వేటిని చూడాలో ముందే తేల్చుకోవాలి.

ఆస్ట్రేలియాలో జరిగింది

ముందుగా, మనిషిని దారిలోంచి తప్పిస్తే ఏమవుతుందో చూపే ఒక నిజమైన సంగతి చెబుతాను. ఆస్ట్రేలియాలో నిరుద్యోగులకు, విద్యార్థులకు, వికలాంగులకు భృతి ఇచ్చే ప్రభుత్వ విభాగం పేరు సెంటర్‌లింక్. అక్కడ భృతి రెండు వారాలకోసారి ఇస్తారు. ఆ పక్షంలో ఎంత సంపాదించారో లబ్ధిదారులు తెలపాలి. సంపాదన ఉంటే దాన్నిబట్టి భృతి తగ్గుతుంది. ఎవరైనా సంపాదన దాచారా అని చూడటానికి ఆదాయపు పన్ను శాఖ దగ్గరున్న వార్షికాదాయంతో సరిపోల్చేవారు. తేడా కనబడితే ఒక ఉద్యోగి ఆ ఫైలు తీసి, అవసరమైతే యజమానిని అడిగి, ఏ పక్షంలో ఎంత జీతం వచ్చిందో తెలుసుకుని, అప్పుడు మాత్రమే "మీరింత తిరిగి కట్టాలి" అని రాసేవారు. ఇలా ఏడాదికి సుమారు ఇరవై వేల కేసులు చూసేవారు.

2015 బడ్జెట్లో ప్రకటించి, 2016 నుంచి పెద్ద ఎత్తున నడిపిన కొత్త పద్ధతిలో ఆ ఉద్యోగిని తొలగించారు. కంప్యూటరు వార్షికాదాయాన్ని సంవత్సరంలోని 26 పక్షాలకూ సమానంగా పంచుతుంది. ఆ సగటుకూ, మనిషి తెలిపిన లెక్కకూ తేడా ఉంటే నోటీసు వెళుతుంది. లబ్ధిదారు పాత జీతపు చీటీలు తెచ్చి తప్పని నిరూపించకపోతే అది బాకీ అయిపోతుంది. ఏడాదికి ఇరవై వేలుగా ఉన్న కేసులు వారానికి ఇరవై వేలయ్యాయి. జనం దీనికి "రోబోడెట్" అని పేరు పెట్టారు. యంత్రం వేసిన అప్పు అన్నమాట.

తప్పెక్కడుందో చిన్న లెక్కతో చూద్దాం. ఒక అమ్మాయి సంవత్సరంలో మొదటి 13 పక్షాలు పని చేసి, పక్షానికి రెండు వేల డాలర్ల చొప్పున 26 వేలు సంపాదించిందనుకోండి. తర్వాత ఉద్యోగం పోయింది. మిగతా 13 పక్షాలు భృతి తీసుకుంటూ, ప్రతిసారీ "సంపాదన సున్నా" అని నిజమే రాసింది. యంత్రం 26 వేలను 26తో భాగించింది. పక్షానికి వెయ్యి డాలర్లు వచ్చింది. "నువ్వు ప్రతి పక్షమూ వెయ్యి సంపాదిస్తూ సున్నా అని రాశావు, తీసుకున్న భృతి తిరిగి కట్టు" అంది. అమ్మాయి రాసింది నిజం. యంత్రం చేసిన భాగహారమూ తప్పు కాదు. తప్పు ఆ రెంటి నడుమ ఉంది. సగటును జరిగిన సంగతిగా తీసుకోవడమే ఆ తప్పు. ఫైలు చూసే గుమాస్తా ఎవరైనా ఉండి ఉంటే "ఈ అమ్మాయి ఆరు నెలలు పని చేసి మానేసింది కదా" అని ఒక్క నిమిషంలో పట్టుకునేవారు. సరిగ్గా ఆ ఒక్క నిమిషాన్నే దండగ ఖర్చని తీసేశారు.

2019 నవంబరులో ఒక కేసు ఫెడరల్ కోర్టుకు వెళ్లినప్పుడు, సగటు ఆధారంగా వేసిన ఆ బాకీ చెల్లదని ప్రభుత్వమే ఒప్పుకోవలసి వచ్చింది. 2020 మే నెలలో దాదాపు 4 లక్షల 70 వేల బాకీలకు సంబంధించి 72 కోట్ల డాలర్లకు పైగా తిరిగి ఇస్తామని ప్రకటించింది. ఆ తర్వాత వేసిన రాయల్ కమిషన్ 2023 జూలైలో ఇచ్చిన నివేదికలో ఆ పథకం న్యాయమూ కాదు, చట్టబద్ధమూ కాదని తేల్చి చెప్పింది. నోటీసులు అందుకున్నవారిలో కొందరు ఆ మనోవ్యథతో ప్రాణాలు తీసుకున్న సంగతి కూడా కమిషన్ ముందుకు వచ్చింది.

దీన్నుంచి మనం గ్రహించవలసింది ఒకటుంది. యంత్రం సరిపోల్చడం తప్పు కాదు. తేడా ఉందని చెప్పడమూ తప్పు కాదు. తేడాను బాకీగా మార్చిన అడుగు ఒకటుంది చూశారూ, అక్కడ మనిషి లేకపోవడం తప్పు. అనుమానానికీ, తీర్పుకూ మధ్య ఒక మెట్టు ఉంటుంది. మనిషి నిలబడవలసిన చోటు అదే.

గీత గీయడానికి మూడు ప్రశ్నలు

ఏ పనికి సంబంధించి అయినా మూడు ప్రశ్నలు వేసుకుంటే చాలావరకు తేలిపోతుంది.

మొదటిది, తప్పు జరిగితే వెనక్కి తీసుకోగలమా, ఎంత త్వరగా? అర్ధరాత్రి మన కార్డు మీద ఎక్కడో విదేశంలో పెద్ద మొత్తం పోతున్నట్టు కనిపిస్తే, కంప్యూటరు ఎవరినీ అడక్కుండా కార్డును ఆపేయవచ్చు. అప్పుడు మనిషి సంతకం కోసం ఆగితే డబ్బు పోతుంది. ఒకవేళ ఆ ఖర్చు మనదే అయితే ఫోను చేసి తెరిపించుకుంటాం. కాస్త చిరాకు తప్ప నష్టం లేదు. అంటే ఆలస్యం ప్రమాదమై, తప్పు సులువుగా సరిదిద్దగలిగినదైతే యంత్రానికి వదిలేయడమే మేలు. అన్నింటికీ మనిషే ఉండాలనడం కూడా పొరపాటేనని దీన్నిబట్టి తెలుస్తుంది.

రెండవది, తప్పు ఎటు జరిగితే ఎవరు భరిస్తారు? ప్రతి నిర్ణయంలోనూ రెండు రకాల తప్పులుంటాయి. ఇవ్వకూడనివారికి ఇవ్వడం ఒకటి, ఇవ్వవలసినవారికి ఆపడం రెండవది. మొదటి నష్టాన్ని ఖజానా భరిస్తుంది. రెండవది ఒక ఇల్లు భరిస్తుంది. అందుకని "సరే" అనడం యంత్రానికి ఇవ్వవచ్చు. "కాదు" అనడానికి మనిషి కావాలి. కరువుభత్యం పెరిగిందని అందరి ఖాతాల్లోనూ సూత్రం ప్రకారం వేయడానికి ఎవరి సంతకమూ అక్కర్లేదు. ఒకరి పెన్షను ఆపడానికి కావాలి.

మూడవది, యంత్రం ఏదైనా చూసి చెబుతోందా, లేక ఏదీ కనబడలేదని చెబుతోందా? ఇది కొంచెం సూక్ష్మమైన ప్రశ్న. వేలిముద్ర సరిపోయిందంటే ఆ మనిషి ఉన్నట్టే. సరిపోలేదంటే మాత్రం ఆ మనిషి లేడని అర్థం కాదు, ముద్ర సరిపోలేదని మాత్రమే అర్థం. డెబ్బై ఏళ్లు అంట్లు తోమిన చేతికి, మగ్గం నేసిన చేతికి గీతలు అరిగిపోతాయి, చర్మం పొడిబారుతుంది. కనబడటం సాక్ష్యం. కనబడకపోవడం సాక్ష్యం కాదు, విచారణకు కారణం మాత్రమే.

మన నవంబరు నెల

ఇప్పుడు ఈ మూడు ప్రశ్నలనూ మన లైఫ్ సర్టిఫికెట్టుకు పెట్టి చూద్దాం. కేంద్ర ప్రభుత్వ పెన్షనర్లకు సంబంధించి జీవన్ ప్రమాణ్ అనే డిజిటల్ పద్ధతి 2014 నవంబరులో మొదలైంది. మొదట వేలిముద్ర, కనుపాప. 2021 నవంబరు నుంచి ఫోనులో ముఖం చూపి కూడా ఇచ్చే వీలు కలిగింది. ఎనభై ఏళ్లు దాటినవారు అక్టోబరు నుంచే ఇవ్వవచ్చు. తపాలా ఉద్యోగి ఇంటికి వచ్చి చేయించే ఏర్పాటూ ఉంది. ఇది మంచి సౌకర్యమే. హైదరాబాదులో కొడుకు ఇంట్లో ఉన్న పెద్దాయన సొంతూరి బ్యాంకుకు వెళ్లకుండా కూర్చున్నచోటి నుంచే పని ముగించుకుంటున్నారు. ఇక్కడ "ఈయన ఉన్నారు" అని యంత్రం ఒక్కటే తేల్చడంలో ఎవరికీ అభ్యంతరం ఉండనక్కర్లేదు.

చిక్కు రెండవ వైపు ఉంది. నవంబరు గడిచినా సర్టిఫికెట్టు రానివారి సంగతేమిటి? అర్థం కావడానికి కొన్ని అంకెలు ఊహించుకుందాం. ఇవి నేను కల్పించిన లెక్కలే, ఏ బ్యాంకువీ కావు. ఒక పెన్షను కేంద్రంలో 10,000 మంది ఉన్నారు. 9,600 మందివి అందాయి. 400 మందివి రాలేదు. ఆ 400 మందిలో 60 మంది నిజంగానే కాలం చేశారు, ఇంటివారు ఇంకా తెలపలేదు. మిగతా 340 మంది బతికే ఉన్నారు. ఒకరు మంచం పట్టారు, ఒకరు అమెరికాలో కూతురి పురుడుకు వెళ్లారు, ఒకరి వేలిముద్ర పడలేదు, ఒకరు మరచిపోయారు.

డిసెంబరు మొదటి తేదీన రానివారందరికీ యంత్రమే ఆపేసిందనుకోండి. దాని పనితనాన్ని లెక్కగడదాం. ఉన్న 9,600 మందికి ఇచ్చింది, లేని 60 మందికి ఆపింది. అంటే పదివేలలో 9,660 నిర్ణయాలు సరైనవి. నూటికి 96.6 మార్కులు. నివేదికలో చూస్తే ఎంత బాగుందో! కాని ఆపిన జాబితా ఒక్కటే తీసి చూడండి. 400 మందిలో 340 మంది, అంటే నూటికి ఎనభై ఐదుగురు, బతికి ఉన్నవారు. యంత్రం మొత్తం మీద ఎంత కచ్చితమైనదని అడగడం వల్ల ప్రయోజనం లేదు. అది "కాదు" అన్నవాటిలో ఎన్ని తప్పులున్నాయని అడగాలి. ఎవరైనా అధికారి వచ్చి తొంభై ఆరు శాతం సరిగా పనిచేస్తోందని చెబితే, మీరు ఆ రెండవ ప్రశ్న వేయండి.

నష్టాలు కూడా చూద్దాం. తలకు 30,000 పెన్షను అనుకుంటే, పోయినవారు 60 మందికి ఒక నెల ఎక్కువ ఇస్తే 18 లక్షలు. అందులో చాలావరకు ఖాతాల్లోనే ఉంటుంది, తిరిగి తీసుకోవచ్చు. ఎక్కువ చెల్లించినది తిరిగి ఇస్తామని పెన్షనరు దగ్గర బ్యాంకు ముందే హామీ పత్రం రాయించుకుని ఉంటుంది. ఏటీఎం కార్డుతో ఇంటివారు తీసేసుకుంటే రాబట్టడం కష్టమే, అది నేను కాదనను. ఇక రెండవ వైపు, బతికి ఉన్న 340 మందికి ఆగిన మొత్తం ఒక కోటి రెండు లక్షలు. సర్టిఫికెట్టు ఇచ్చాక బకాయిలతో సహా వస్తుందంటారు. వస్తుంది. కాగితం మీద అది సరిదిద్దగలిగిన తప్పే. కాని ఆ నెల ఇన్సులిన్ బకాయిగా వేసుకోలేం కదా!

ఇదేదో ఊహ అని మీరనుకోవచ్చు. 2022లో హర్యానాలోని రోహ్‌తక్‌లో నూరేళ్లు దాటిన ఒక వృద్ధుడికి రికార్డుల్లో చనిపోయినట్టు నమోదై వృద్ధాప్య పెన్షను ఆగిపోయింది. ఆయన పెళ్లికొడుకులా ముస్తాబై, రథమెక్కి, మేళతాళాలతో అధికారుల దగ్గరకు ఊరేగింపుగా వెళ్లి తాను బతికే ఉన్నానని చూపించుకోవలసి వచ్చింది. పత్రికల్లో చదివి అందరం నవ్వుకున్నాం. ఊరేగింపు కట్టే ఓపిక, మనుషులు లేనివారి సంగతి ఏమిటన్నది మాత్రం నవ్వులాట కాదు.

పని ఎలా పంచాలి

అలాగని 400 ఫైళ్లనూ మనిషి నెత్తిన పడేయమని నేను చెప్పను. యంత్రానికి తగిన పని యంత్రానికే ఇవ్వాలి. రానివారి జాబితా అదే తీస్తుంది. తెలుగులో సందేశం పంపుతుంది, ఫోను మోగించి చెబుతుంది. వారం ఆగి మళ్లీ గుర్తు చేస్తుంది. ఈ పనులకు ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఎందుకంటే పొరపాటున ఒక సందేశం ఎక్కువ వెళ్లినా ఎవరికీ నష్టం లేదు. ఇలా చేస్తే మన లెక్కలో 250 మంది మేలుకుని ఇచ్చేశారనుకుందాం. మిగిలింది 150. పోయినవారు 60, ఉన్నవారు 90.

ఇక్కడ మనిషి రావాలి. ఒక్కో ఫైలుకు పావుగంట. ఫోను చేయాలి, దొరక్కపోతే నామినీకి చేయాలి, అక్కడా దొరక్కపోతే ఇంటికి మనిషిని పంపమని రాయాలి. 150 ఫైళ్లకు ముప్పై ఏడున్నర గంటలు. రోజుకు ఆరు గంటలు కూర్చుంటే ఒక గుమాస్తాకు ఆరేడు పనిదినాలు. పదివేల మంది పెన్షనర్లున్న కేంద్రానికి ఏడాదికి వారం పదిరోజుల గుమాస్తా జీతం భారమా? మనిషిని పెడితే ఖర్చు భరించలేమనేవారితో ముందుగా ఈ లెక్క వేయించాలి. యంత్రం వడపోత బాగా చేస్తే మనిషికి మిగిలే పని కొంచెమే.

ఒక జాగ్రత్త ఉంది. ఖాతాలో ఏటీఎం నుంచి డబ్బు తీసినట్టుంటే మనిషి ఉన్నట్టేనని యంత్రానికి నేర్పుతామనే ఆలోచన కొందరికి వస్తుంది. కార్డు ఎవరి చేతిలో ఉందో ఏటీఎంకు తెలియదు. అలాగే మరణాల రిజిస్టరులో అదే పేరు, అదే వయసు కనిపిస్తే పోయినట్టేనని నేర్పడమూ ప్రమాదమే. మన జిల్లాల్లో సత్యనారాయణలు ఎంతమంది, వెంకటేశ్వర్లు ఎంతమంది! ఇంటిపేరు ఒకచోట ముందు, మరొకచోట పొడి అక్షరం. ఈ రెండు ఆనవాళ్లూ గుమాస్తా ముందు కాగితంగా పెట్టడానికి పనికొస్తాయి. వాటిని బట్టి యంత్రమే తీర్పు చెప్పకూడదు.

సంతకమా, రబ్బరు స్టాంపా?

మనిషిని పెట్టామనగానే పని అయిపోలేదు. అసలు ఎక్కువ చోట్ల చెడేది ఇక్కడే. 150 ఫైళ్లూ డిసెంబరు 31 సాయంత్రం లోపల పూర్తి చేయమని ఒక్క రోజు ఇచ్చారనుకోండి. ఆరు గంటలంటే 360 నిమిషాలు. ఫైలుకు రెండున్నర నిమిషాలు కూడా లేవు. ఆ సమయంలో ఫోను ఒకసారి పూర్తిగా మోగదు. తెర మీద "మరణించి ఉండవచ్చు" అని ఎర్ర అక్షరాలు, కింద పెద్ద "అప్రూవ్" బొత్తం. కాదనాలంటే మాత్రం మూడు పేజీలు దాటి కారణం టైపు చేయాలి. ఏ గుమాస్తా అయినా ఏం చేస్తాడు? నొక్కుకుంటూ పోతాడు. తర్వాత ఏదైనా గొడవైతే "సంతకం నీదే కదా" అని అతని మీదకే వస్తుంది. నిర్ణయం యంత్రానిది, సంజాయిషీ మనిషిది. అటువంటి సంతకం లేకపోవడమే నయం, ఎందుకంటే లోపల మనిషి చూస్తున్నాడని బయటివారిని నమ్మిస్తుంది.

సంతకం నిజమైనది కావాలంటే ఆ మనిషికి మూడుండాలి. చూసే సమయం, చూడవలసిన కాగితం, కాదనే అధికారం. అందులో ఏది లేకపోయినా అది స్టాంపే. తెరను కూడా అందుకు తగ్గట్టు తయారు చేయాలి. యంత్రం అభిప్రాయం ముందుగా చూపకుండా, "ఫోను చేశారా, ఎవరు మాట్లాడారు, ఏం చెప్పారు" అని మూడు గళ్లు పెట్టి, అవి నింపాకే యంత్రం అభిప్రాయం కనబడేట్టు చేస్తే, మనిషి తన కళ్లతో చూస్తాడు. ముందే జవాబు చూపిస్తే ఎంత అనుభవజ్ఞుడైనా దానివైపే మొగ్గుతాడు. అది బద్ధకం కాదు, మనిషి బుద్ధి తీరే అంత. కూడిక వేసి ఉన్న కాగితాన్ని సరిచూడటం కంటే, కూడిక కప్పెట్టి మళ్లీ వేస్తేనే తప్పు దొరుకుతుందని మన అకౌంట్సు వారికి ఎప్పటినుంచో తెలుసు.

స్టాంపో సంతకమో పైనుంచి తెలుసుకోవడం కష్టమేమీ కాదు. ఒకటి, యంత్రం చెప్పినవాటిలో మనిషి ఎన్నింటిని కాదన్నాడో లెక్క తీయాలి. 150కి 150 సరేనని ఉంటే, యంత్రం సర్వజ్ఞమైనా అయి ఉండాలి, మనిషి చూడకపోయినా అయి ఉండాలి. మన లెక్కలో 90 మంది బతికి ఉన్నారు కాబట్టి ఏది నిజమో మీకే తెలుసు. రెండు, ఒక్కో ఫైలు మీద ఎంతసేపు గడిచిందో కంప్యూటరే రాసిపెడుతుంది, అది చూడాలి. మూడు, బ్యాంకులో చెప్పకుండా వచ్చి క్యాషు లెక్కపెట్టేవారే, అదే పద్ధతి. బతికి ఉన్నట్టు ఖాయంగా తెలిసిన ఐదుగురి ఫైళ్లు ఆ జాబితాలో కలిపి చూడాలి. ఐదూ వెనక్కి వస్తే మనిషి పనిచేస్తున్నట్టు. ఐదుగురికీ పెన్షను ఆపమని సంతకం పడితే అక్కడ ఉన్నది స్టాంపు. వాళ్ల పెన్షను నిజంగా ఆగకుండా ముందే ఏర్పాటు చేసుకోవాలనుకోండి.

ఇంకొక సంగతి. అన్ని కాగితాల మీదా మనిషి సంతకం అడిగితే అసలైన కాగితం మీద కూడా శ్రద్ధ పోతుంది. రోజుకు ఐదు వందల సంతకాలు పెట్టేవాడు ఐదు వందల ఒకటోది చదవడు. అందుకని కరువుభత్యం లెక్క, నెలవారీ జమ, గుర్తుచేసే సందేశం, ఇవన్నీ యంత్రానికి వదిలేసి, వాటిలో నూటికి ఒకటో రెండో తీసి తర్వాత సరిచూసుకుంటే చాలు. పెన్షను ఆపడం, తగ్గించడం, రికవరీ వేయడం, కుటుంబ పెన్షను నిరాకరించడం, ఈ నాలుగింటి మీద మాత్రం పేరున్న ఒక అధికారి, కారణం రాసి, ముందుగానే సంతకం చేయాలి. నా దృష్టిలో గీత ఇక్కడ పడాలి.

మనం చేయగలిగింది

చివరగా, ఇది కంప్యూటరు ఇంజనీర్లు చూసుకునే సంగతి, మనకెందుకు అనుకోకండి. గీత ఎక్కడ గీయాలో నిర్ణయించేది ఇంజనీర్లు కాదు, శాఖలు. శాఖలకు చెప్పవలసింది సంఘాలు. మన పెన్షనో, పక్కింటి అత్తమ్మగారి వితంతు పెన్షనో ఆగినప్పుడు "సిస్టమ్‌లో అలా ఉంది" అంటే, కోపం తెచ్చుకోకుండా నాలుగు ప్రశ్నలు కాగితం మీద రాసి ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి. ఏ కారణం చేత ఆపారు? ఆపమని సంతకం చేసిన అధికారి హోదా ఏమిటి, ఏ తేదీన చేశారు? ఆపే ముందు నాకు తెలపడానికి ఏ ప్రయత్నం చేశారు? ఏ కాగితం ఇస్తే తిరిగి మొదలవుతుంది? జవాబు రాకపోతే ఇవే ప్రశ్నలు 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద పంపవచ్చు. రెండవ ప్రశ్నకు జవాబు "ఎవరూ చేయలేదు" అని వస్తే, మీ ఒక్కరి కేసే కాదు, ఆ పద్ధతి లోపమే బయటపడుతుంది. అటువంటి జవాబులు సంఘం కార్యాలయానికి ఒక ప్రతి పంపండి. పదీ ఇరవై పోగైతే, వాటిని పట్టుకుని కార్యదర్శిగారు పై అధికారులతో మాట్లాడటానికి ఆధారం దొరుకుతుంది.

ఒక పని కూడా చేయండి. మీ ఫోను నంబరు, మీతో లేని ఇంకొకరి నంబరు, పెన్షను ఇచ్చే కార్యాలయంలో సరిగా ఉన్నాయో లేదో ఈ వారంలోనే చూసుకోండి. ఫైలు ముందు నిజంగా ఒక గుమాస్తా కూర్చుని, నిజంగా ఫోను తీసినప్పుడు, అవతల మోగవలసింది మీ ఫోనే గనుక.